నలభై ఒకటో నంబరు కాలమ్

మందుల ఫ్యాక్టరీ ల్యాబులో ఆమెను అందరూ పీహెచ్ అక్క అనేవాళ్లు. బఫరు ద్రావణం కలిపితే దాని పీహెచ్ ఒకసారి చూసి ఊరుకునేది కాదు. మూడుసార్లు చూసేది. మూడోసారి చూస్తుంటే పక్క బల్లవాళ్లు నవ్వేవాళ్లు. "అక్కా, అది మీటరు, మీ ఆయన కాదు. మాట మార్చదు," అని వేళాకోళం చేసేవాళ్లు. ఆమె కూడా నవ్వి, నాలుగోసారి చూసేది.

అలాంటి మనిషి మీద ఏడేళ్ల కిందట "నిర్లక్ష్యం" అనే ముద్ర పడింది. వేసినవాడు పరాయివాడైతే మర్చిపోయేదేమో. వేసినవాడు సొంత బావగారు, భర్తకు తోడబుట్టిన అన్న. మెథడ్లు తయారు చేసే విభాగానికి పెద్ద. ఏ మందులో ఏముందో, ఎంతుందో లెక్క తేల్చే పద్ధతిని కనిపెట్టి, కాగితం మీద పెట్టి, కింద సంతకం చేసేది ఆయనే.

ఆరోజు జరిగింది ఇది. బావగారు కొత్తగా రాసిన మెథడ్‌తో ఆమె ఒక మాత్రల బ్యాచ్ పరీక్షిస్తోంది. మందునీ మలినాన్నీ విడదీసే గొట్టం కాలమ్. పాత కాలమ్‌ను ఎవరో వేరే మిషనుకు బిగించారు. స్టోరులో అదే కంపెనీది, అదే కొలతలది, సీలు విప్పని కాలమ్ ఉంటే తెచ్చి బిగించింది. మందు తాలూకు పీక్, అంటే తెరమీద గీత కొండలా లేవడం, ఎనిమిది నిమిషాలకు రావాలి. అయిదు దాటగానే వచ్చి, అయిదు లోపే వచ్చే మలినం పీక్‌తో కలిసిపోయింది. రెండు కొండలు రావలసిన చోట ఒకే గూని కొండ వచ్చింది. బావగారు వచ్చి చూశారు. పాత కాలమ్ తెప్పించి, తనే బఫరు కలిపి, తనే మందు ద్రావణాన్ని మిషనులోకి ఇంజెక్షన్ ఇచ్చారు. పీక్ సరిగ్గా ఎనిమిది నిమిషాలకు లేచింది. ఆయన అందరి ముందూ ఆమె వైపు తిరిగి, "మెథడ్‌లో తప్పు లేదమ్మా. చేసే చేతిలో ఉంది," అన్నారు.

తప్పు జరిగినప్పుడు నింపే ఫారంలో "కారణం: అనలిస్టు నిర్లక్ష్యం, పీహెచ్ సరిచూడకపోవడం" అని రాశారు. ఆమె సంతకం పెట్టింది. పెట్టేటప్పుడు సంతకం వంకరపోయింది. ఆ మర్నాటి నుంచి బల్ల లేదు, మిషను లేదు. కింది అంతస్తులో పాత రిజిస్టర్లు దాచే గదిలో కుర్చీ వేశారు.

దానికి తోడు ఇంట్లో శుభకార్యానికి నలుగురు కూడితే చాలు, తోడికోడలు అందరికీ వినిపించేలా, "మా ఆయన అడ్డుపడబట్టి ఉద్యోగమైనా మిగిలింది, పాపం," అనేది. ఆ "పాపం" అనే మాట దగ్గర పీహెచ్ అక్క అన్నం వదిలేసి చెయ్యి కడుక్కునేది.

ఆమె భక్తురాలు. పొద్దున్నే దేవుడి దగ్గర దీపం పెట్టనిదే నీళ్లు ముట్టదు. అందరి క్షేమం కోరుకునేది. బావగారి పేరు వచ్చేసరికి మాత్రం నాలుక ఆగేది. ఈ ఒక్క మనిషిని మాత్రం నువ్వు చూసుకో స్వామీ అనుకుని, లేచేది. చూసుకో అంటే కాపాడమని కాదని దేవుడికీ తెలుసు, ఆమెకూ తెలుసు.

ఏడేళ్లు గడిచాక కంపెనీ కొత్త యూనిట్ కట్టింది. అక్కడికి తీసుకున్న అనలిస్టుల్లో చాలామంది చేతిపని బాగా వచ్చినవాళ్లే కానీ, ఇంగ్లీషు కాగితం చూస్తే తడబడేవాళ్లు. మెథడ్లన్నీ తెలుగులో రాయించాలని క్వాలిటీ మేడమ్ నిర్ణయించింది. ల్యాబు పనీ తెలిసి, తెలుగూ చక్కగా రాయగలిగినది ఎవరని చూస్తే పీహెచ్ అక్క ఒక్కతే తేలింది. మొదటి మెథడ్ బల్ల మీదికి వచ్చింది. పై పేజీలో బావగారి సంతకం. అదే మాత్రలు, అదే మెథడ్.

ఆమె ఆ కాగితాన్ని చాలాసేపు ముట్టుకోలేదు. తర్వాత కలం తీసింది.

మాటల దగ్గర సాయానికి కొత్త యూనిట్ నుంచి ఒకాయన్ని పంపారు. నలభై దాటిన మనిషి. మూతపడ్డ నూనెమిల్లు ల్యాబులో పదిహేనేళ్లు పనిచేసి వచ్చాడు. అందుకే అందరికీ మిల్లు అన్నయ్య. ఆయనకు అర్థమైతే అందరికీ అర్థమైనట్టే అని మేడమ్ చెప్పింది.

"మొదటి మాట కాలమ్," అంది పీహెచ్ అక్క. "స్తంభం అని రాశాను."

"స్తంభమా? అయితే పాతడానికి గుంత తవ్వించమంటారా చెల్లెమ్మా?"

"నిఘంటువులో అలాగే ఉందన్నయ్యా."

"నిఘంటువు రాసినాయన మిషను ముందు కూచోలేదుగా. జానెడు స్టీలు గొట్టం అది. స్తంభం తెమ్మంటే స్టోరువాడు నన్ను పిచ్చాసుపత్రికి పంపుతాడు. కాలమ్ అనే ఉంచు తల్లీ."

ఆమె కొట్టేసి కాలమ్ అని రాసింది. మొబైల్ ఫేజ్ దగ్గర కూడా అంతే. చలన దశ అని రాస్తే ఆయన చేతులెత్తి దణ్ణం పెట్టాడు. చివరికి మొబైల్ ఫేజ్ అనే ఉంచి, పక్కన "కాలమ్ గుండా నిరంతరం పారే ద్రావణం" అని ఒక వాక్యం చేర్చింది. రిటెన్షన్ టైమ్ దగ్గర మాత్రం ఇద్దరికీ కుదిరింది. నిలుపు సమయం. ఇంజెక్షన్ ఇచ్చినప్పటి నుంచి పీక్ కొన దాకా పట్టే సమయం. కాలమ్ ఒక పదార్థాన్ని ఎంత గట్టిగా పట్టి నిలిపితే అంత ఆలస్యంగా బయటికి వస్తుంది.

మిల్లు అన్నయ్య ఆ మాటను రెండుసార్లు పైకి అనుకున్నాడు. "బావుంది. మరి పట్టి నిలిపేది ఎవరు?"

"కాలమ్ లోపలి పొడి. దానికి జిడ్డు స్వభావం. జిడ్డుకు దగ్గరైన పదార్థాన్ని ఎక్కువసేపు పట్టుకుంటుంది. నీళ్లకు దగ్గరైనదాన్ని తొందరగా వదిలేస్తుంది."

"మన మందు జిడ్డుదా, నీళ్లదా?"

"క్షారం. మన బఫరు పీహెచ్ మూడు. ఆ ఆమ్లంలో మందుకి ధన విద్యుదావేశం వస్తుంది. అప్పుడది నీళ్ల వైపే మొగ్గుతుంది."

"అంటే తొందరగా వచ్చెయ్యాలి."

"వచ్చెయ్యాలి."

"మరి ఎనిమిది నిమిషాలు లోపల ఏం చేస్తోంది చెల్లెమ్మా? మలినం అయిదు లోపే వచ్చేస్తోందిగా. ఈ మందుని అంతసేపు పట్టుకున్నదెవరు?"

పీహెచ్ అక్క కలం ఆగిపోయింది. ఇంగ్లీషులో ఆ మెథడ్ ఎన్నోసార్లు చదివింది. ఎనిమిది నిమిషాలు అని ఉంటే ఎనిమిది అనుకుంది. పట్టుకున్నదెవరని ఏనాడూ అడగలేదు. తెలుగులో ఒక మామూలు మనిషికి చెప్పవలసి వచ్చేసరికి, ఆ ప్రశ్న బల్ల మీద కూర్చుని లేవనంటోంది.

"రేపు చెప్తానన్నయ్యా," అంది.

మర్నాడు పొద్దున్నే పాత కాలమ్ రిజిస్టర్లు దించింది. ఏ కాలమ్ ఏ రోజు ఏ పరీక్షకు, ఏ ద్రావణంతో వాడారో వరసగా రాసే పుస్తకాలు అవి. ఆమెను శిక్షగా కూర్చోబెట్టిన గదిలోనే అవి ఏడేళ్లుగా ఆమె తలమీది అరలో ఉన్నాయి. దుమ్ము దులిపింది. నలభై ఒకటో నంబరు కాలమ్. బావగారు తన మెథడ్ తయారుచేసినది దానిమీదే. ఆరోజు ఆమె తప్పని నిరూపించడానికి తెప్పించినదీ అదే.

మెథడ్ తయారీ మొదలవడానికి మూడు నెలల ముందు పేజీల్లో ఆ కాలమ్ వేరొక మందుకు వాడారు. మొబైల్ ఫేజ్ గడిలో ఒక సల్ఫోనేట్ లవణం పేరుంది. చదవగానే ఆమెకు వెన్ను నిటారైంది. దాన్ని అయాన్ పెయిర్ లవణం అంటారు. దానికి ఒక కొస జిడ్డు. ఆ కొసతో కాలమ్ పొడికి అతుక్కుంటుంది. రెండో కొసకు ఋణ విద్యుదావేశం. ఆ కొసతో ధన ఆవేశమున్న మందుని చెయ్యి పట్టుకుని ఆపుతుంది. ఎంత కడిగినా వాసన పోని నూనె జాడీలాగా, ఆ కాలమ్‌ను ఎంత కడిగినా ఆ లవణం పూర్తిగా పోదు. ఒకసారి వాడితే ఆ కాలమ్‌ను ఇక ఆ పనికే ఉంచెయ్యాలి. బావగారు దాన్నే తీసుకుని కొత్త మెథడ్ అల్లారు. మందుని ఎనిమిది నిమిషాలు పట్టుకున్నది మెథడ్ కాదు, మూడు నెలల కిందటి మడ్డి. మలినానికి ఆవేశం లేదు కాబట్టి దాన్నెవరూ పట్టుకోలేదు. ఏ కాలమ్ మీదైనా అదే సమయానికి వచ్చింది. శుభ్రమైన కొత్త కాలమ్ మీద ఆమె చేసినప్పుడు వచ్చిన అయిదు నిమిషాలే అసలు నిజం.

తెలియక చేశారేమో అనుకుంది. ఒక్క క్షణం, నిజంగానే అనుకుంది. పేజీ తిప్పింది. ఆమె ఫారం మీద వంకర సంతకం పెట్టిన మర్నాటి తేదీ. నలభై ఒకటో కాలమ్ పక్కన బావగారి దస్తూరీలో ఒక వాక్యం. "ఈ మాత్రలకు తప్ప ఇతర పనులకు వాడరాదు. ఈ మాత్రలకు వేరే కాలమ్ వాడరాదు."

అంటే తెలుసు. ఒక్క రాత్రిలో తెలుసుకున్నారు. తెలుసుకుని, మెథడ్ దిద్దలేదు, ఆమె ఫారం దిద్దలేదు, రిజిస్టరులో ఒక మూల ఆ మాట రాసుకున్నారు. ఆ మాత్రలు ఏడాదికి రెండు బ్యాచ్‌లే కాబట్టి ఏడేళ్లూ ఆ ఒక్క గొట్టంతో నెట్టుకొచ్చారు.

ఆమె ఏడవలేదు. కడుపులో ఏదో చల్లగా, హాయిగా పరుచుకుంది. ఆకలి కూడా వేసింది. డబ్బా తీసి మెతుకు మిగల్చకుండా తింది.

సాయంత్రం భర్తకు చెప్పింది. ఆయన టైలరు. ఒక చొక్కాకు కాలర్ వేస్తూ మిషను ఆపకుండానే విన్నాడు. చివరి మాట దగ్గర మిషను ఆపాడు.

"మా అన్నేనా?"

"మీ అన్నే."

ఆయన చాలాసేపు సూదిలోకి దారం ఎక్కించాలని చూసి, ఎక్కక, వదిలేశాడు. "ఏం చేద్దామనుకుంటున్నావు?"

"ఏమీ చెయ్యను. ఆయన ఇంగ్లీషులో రాసింది రాసినట్టు తెలుగులో దించి ఇస్తాను. ఒక్క అక్షరం ఎక్కువ రాయను. కొత్త యూనిట్లో అన్నీ కొత్త కాలమ్‌లే. తనిఖీవాళ్లు వచ్చి కూచుంటారు. వాళ్ల ముందు ఆ గూని కొండ లేస్తుంది. మొదటి పేజీలో ఎవరి సంతకం ఉంటుంది? నాది కాదుగా."

"బావుంది. ఆ మిషను ముందు నిలబడేదెవరు?"

ఆమె వంగి మిషను కింద పడ్డ గుడ్డముక్కలు ఏరసాగింది.

"నిన్ను ఆపాలని అనట్లేదే. మా అన్నైతే మాత్రం? కొలత తప్పుగా తీసినవాడు ఒకడు, బట్ట పాడైందని తిట్లు తినేవాడు ఇంకొకడు. మా పనిలో రోజూ చూస్తాను. అందుకని అడిగాను."

మిల్లు అన్నయ్య కళ్లముందు మెదిలాడు. ఆయన ఫారం మీద పెట్టబోయే వంకర సంతకం కూడా మెదిలింది. మర్నాడు దీపం ముందు కూర్చుని, "కోపం తీసెయ్యమని అడగను స్వామీ. గురి మాత్రం తప్పనివ్వకు," అంది. ఇలాంటి ప్రార్థన చెయ్యవచ్చో లేదో ఆమెకు తెలియదు. దేవుడూ కాదనలేదు.

అనువాదానికి ఒక నియమం ఉంది. తెలుగు కాగితం ఆమోదించే ముందు ఒకరు దాన్ని మాత్రమే చూస్తూ, ఎవరినీ ఏమీ అడక్కుండా, మొదటినుంచి చివరిదాకా పరీక్ష చేసి చూపాలి. కాగితంలో లేనిది ఏదీ చెయ్యకూడదు. ఆ ఒకరు ఎవరన్నది అనువదించినవాళ్లే రాసివ్వాలి. అందరూ ఎవరో ఒక అనలిస్టు పేరు రాసేవాళ్లు. పీహెచ్ అక్క ఆ గడిలో బావగారి పేరు రాసి, క్వాలిటీ మేడమ్ బల్ల మీద పెట్టింది.

బావగారు పగలబడి నవ్వారు. "నా మెథడ్‌లో నాకే పరీక్షా? ఏమ్మా, నన్ను మళ్లీ బళ్లో వేస్తున్నావా?"

"మీ మాటని నేను సరిగ్గా దించానో లేదో మీకంటే ఎవరు చెప్పగలరు సార్," అంది ఆమె. ల్యాబులో ఆయన్ని ఎప్పుడూ సార్ అనే అంటుంది.

"అదీ నిజమే," అని ఆయన పొంగిపోయారు. పొగడ్త అంటే ఆయనకు చిన్నప్పటినుంచీ అంతే.

ఆరోజు ల్యాబులో ఎనిమిది మంది ఉన్నారు. క్వాలిటీ మేడమ్ కుర్చీ వేసుకు కూచుంది. మిల్లు అన్నయ్య నోటుబుక్కు తెరిచాడు. బావగారు తెలుగు కాగితం ఎత్తి పట్టుకుని దర్జాగా చదివారు. ఫాస్ఫేట్ లవణం తూచారు, నీళ్లలో కరిగించారు, ఆమ్లం చుక్కలు వేసి పీహెచ్ మూడుకు తెచ్చారు. ఆ తర్వాతే అసిటోనైట్రైల్ అనే ద్రావకం కలిపారు. ఫిల్టరు చేశారు, గాలి బుడగలు తీశారు. మెచ్చుకున్నారు కూడా. "బాగా రాశావమ్మా. పిల్లలకైనా తెలుస్తుంది."

"మీటరు మూడుసార్లు చూస్తారా సార్?" అందామె.

అందరూ నవ్వారు. ఆయనా నవ్వి మూడుసార్లు చూశారు. మూడుసార్లూ మూడే. మిల్లు అన్నయ్య మూడుసార్లూ రాసుకున్నాడు.

"ఇక కాలమ్. నలభై ఒకటి పట్రండి," అన్నారు బావగారు.

"కాగితంలో నలభై ఒకటి అని లేదు సార్."

ఆయన కాగితం వైపు చూశారు. పొడవు, వ్యాసం, పొడి రకం, కంపెనీ పేరు. నంబరు లేదు.

"ఎప్పుడూ దానిమీదే చేస్తాం కదమ్మా."

"మీరు ఇంగ్లీషులో రాయలేదు. నేను తెలుగులో ఎలా రాస్తాను? లేని మాట చేర్చితే నా తప్పవుతుంది."

ఆమె గొంతు ఎంత నెమ్మదిగా ఉందో ఆయన మొహంలో రంగు అంత నెమ్మదిగా దిగింది. ఆమె తల దించుకోలేదు. ఏడేళ్లుగా చూడాలనుకున్న దృశ్యం అది. రెప్ప వేస్తే ఎక్కడ పోతుందోనని చూస్తూనే ఉంది.

"నియమం నియమమే," అంది మేడమ్. "స్టోరునుంచి కొత్తది తీసుకురండి."

"ఇవాళ కాస్త ఒంట్లో బాగాలేదు. ఇంకొకరెవరైనా..."

"పొద్దున్నుంచీ పాటలు పాడుతున్నారుగా సార్," అన్నాడు మిల్లు అన్నయ్య, నోటుబుక్కులోంచి తల ఎత్తకుండా.

కొత్త కాలమ్ వచ్చింది. బిగించారు. ముందు లవణం లేని ద్రావణంతో కడిగి, తర్వాత మొబైల్ ఫేజ్ పారించారు. తెరమీద గీత వంకరలు పోయి తిన్నగా అయ్యేదాకా ముప్పావు గంట పట్టింది. ఆ ముప్పావు గంటలో బావగారు నీళ్లు నాలుగుసార్లు తాగారు. ఇంజెక్షన్ ఇచ్చారు. నాలుగు నిమిషాలు, నాలుగున్నర. మలినం లేవడం మొదలైంది. అది దిగకముందే దాని భుజం మీదినుంచి మందు లేచింది. అదే గూని కొండ. ఆమెకు ఆ వంపు వంపూ గుర్తుంది.

ఎనిమిదో నిమిషం వచ్చింది. గీత నేలబారుగా, నిర్మలంగా సాగిపోయింది.

"పీహెచ్ మీటరు..." అని మొదలుపెట్టారు బావగారు.

"మూడుసార్లు చూశారు సార్," అన్నాడు మిల్లు అన్నయ్య. "రాసుకున్నాను."

కాగితం ప్రకారం ఇవ్వవలసిన ఆరు ఇంజెక్షన్లూ అలాగే వచ్చాయి. పీహెచ్ అక్క అప్పుడు సంచిలోంచి రిజిస్టరు తీసి, రెండు చోట్ల కాగితం ముక్కలు పెట్టి ఉంచినదాన్ని మేడమ్ ఒళ్లో పెట్టింది. ఒకటి సల్ఫోనేట్ పేజీ, రెండోది ఆ మర్నాటి వాక్యం. మేడమ్ మొదటిది చదివి ఒకసారి బావగారి వైపు చూసింది. రెండోది చదివాక చూడలేదు.

"ఈ మెథడ్ కొత్త యూనిట్‌కు పోదు. మళ్లీ మొదటినుంచి తయారు చెయ్యాలి. ఏడేళ్ల కిందటి ఫారం కూడా తెరుస్తాను," అంది. "ముందు ఇవాళ్టి ఫారం నింపండి. పరీక్ష చేసినది మీరు కాబట్టి కారణం మీరే రాయాలి."

పీహెచ్ అక్క ఖాళీ ఫారం ముందు పెట్టింది. కలం మూత తనే తీసి ఇచ్చింది. ఆయన కారణం అనే గడి దగ్గర ఆగిపోయి, చాలా చిన్న గొంతుతో, ఇంట్లో మాట్లాడినట్టు, "ఏం రాయమంటావమ్మా?" అన్నారు.

"నాకప్పుడు రాసిన మాట మీకు గుర్తుండే ఉంటుంది. అదే రాయండి. మనిషి పేరు మాత్రం మార్చండి." ఆమె కాస్త ఆగి, ఆ ల్యాబులో మొదటిసారిగా వరస పెట్టి పిలిచింది. "తెలుగులో రాయండి బావగారూ. అందరికీ అర్థమవ్వాలి."

ఆయన రాశారు. ఒక్కో అక్షరం తవ్వి తీసినట్టు రాశారు. మెథడ్ రచయిత నిర్లక్ష్యం. వాడిన కాలమ్ చరిత్ర దాచిపెట్టడం. రెండో వాక్యం ఆమె అడగలేదు. అది ఆయనే రాశారు. కింద సంతకం వంకరపోయింది.

ఆమె ఆ సంతకం కేసి చూసింది. తన సంతకం కంటే ఎక్కువ వంకరగా ఉంది. ఏడేళ్లనుంచీ అనుకున్నంత తియ్యగానే ఉంది ఆ క్షణం. అబద్ధమెందుకు, ఇంకా తియ్యగా ఉంది.

మిల్లు అన్నయ్య బయటికి వస్తూ, "చెల్లెమ్మా, పట్టుకున్నదెవరో చెప్తానన్నావు," అన్నాడు.

"చెప్పానుగా అన్నయ్యా."

"చెప్పావు, చెప్పావు. నేను నీతో ఎప్పుడూ పేచీ పెట్టుకోను తల్లీ."

ఆ వారంలోనే ఆమె బల్ల ఆమెకు తిరిగి వచ్చింది. ఆదివారం తోడికోడలు ఫోను చేసింది. ఏమీ తిట్టలేదు. "ఆయన అన్నం తినడం లేదు," అంది, అంతే. పాపం అనే మాట ఈసారి పీహెచ్ అక్క నోటిదాకా వచ్చింది. అనలేదు. "పెరుగన్నం కలిపి పెట్టక్కా," అని ఫోను పెట్టేసింది.

టైలరు పక్కనే కూచుని గుండీలు కుడుతున్నాడు. "చల్లబడ్డావా?" అని అడిగాడు.

"తెలియడం లేదు."

మర్నాడు దీపం పెట్టి, అందరి క్షేమం అడిగింది. బావగారి పేరు దగ్గరికి వచ్చేసరికి అలవాటు ప్రకారం నాలుక ఆగింది. ఇప్పుడు అడగడానికి అడ్డేముంది? తీరవలసింది తీరిపోయింది కదా. అయినా లోపల ఏదో ఇంకా పట్టుకునే ఉంది. ఎన్నిసార్లు కడిగితే వదులుతుందో, అసలు వదులుతుందో లేదో ఆమెకు తెలియలేదు. దేవుణ్ణే అడిగింది. ఆయన జవాబు చెప్పేలోగా ల్యాబుకు టైమయింది. లేచి, వత్తి సర్ది, చెప్పులు వేసుకుంది.